అమ్మ ఖాతా మూసివేత నోటీసు

ప్రశ్న: గుంటూరులో ఉన్న అమ్మ తన ఖాతా మూసివేస్తామన్న తెలుగు నోటీసును ఫొటో తీసి పంపింది. నేను ఇంగ్లిషులోకి అనువదించి, డల్లాస్ నుంచి బ్రాంచికి ఉత్తరం రాశాను. చెల్లుతుందా?

జవాబు: అనువాదం పంపండి, కానీ బ్యాంకుకు ఆధారం నోటీసే. ఫొటోలో నాలుగు అంచులూ, తేదీ, సంతకం కనబడాలి. మడతలో చెరిగిన అంకెను ఊహించి పూరించకండి; గడువు తేదీ అస్పష్టంగా ఉంటే మళ్లీ ఫొటో తీయించండి.

అసలు చిక్కు వేరే ఉంది. ఖాతా అమ్మది, మీ సంతకం మీద బ్యాంకు వివరాలు చెప్పదు, మూసివేత ఆపదు. అమ్మ సంతకంతో అభ్యంతర పత్రం రాయించండి. ఆమె కేవైసీ పత్రాలతో వెళ్లి దాన్ని ఇచ్చి, నకలు మీద బ్రాంచి ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయించండి.