పాత పోస్టర్‌లో కొత్త పేరు

ఉగాది పోస్టర్ పని నా మీద పడింది. నిరుడు సీనియర్ అన్న చేసిందే బాగుంది, "విశ్వావసు" తీసి "పరాభవ" పెడితే చాలు. కానీ అసలు ఫైల్ ఎవరి దగ్గరా లేదు, వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ ఒక్కటే మిగిలింది. అక్షరాల్లో పైన పసుపు, కిందికి వచ్చేసరికి ఎరుపు. చుట్టూ తెల్ల అంచు, వెనక నీడ. నేను ఫోటోషాప్‌లో డైరెక్ట్‌గా "పరాభవ" టైప్ చేసి ఎఫెక్టులన్నీ పెట్టేశాను. ఇబ్రహీంపట్నంలో ఫ్లెక్సీ ప్రింట్ చేసే అన్న చూసి, "అతికించినట్టు కొడుతుంది తమ్మీ" అన్నాడు.

నిజమే. కొత్త పదాన్ని పోల్చి చూడ్డానికి ఏమీ లేదు కదా! అందుకే ముందు పాత పదాన్నే మళ్లీ కట్టాలి.

మా బ్యాక్‌గ్రౌండ్ పైనుంచి కిందికి మారే ఆకుపచ్చ. అంటే ఒక్కో అడ్డ వరుసలో రంగు ఒకటే. పదం పక్కనుంచి సన్నటి నిలువు ముక్క కోసి అడ్డంగా సాగదీస్తే పాత పదం, దాని నీడ రెండూ కప్పుకుపోయాయి. దాని మీద "విశ్వావసు" టైప్ చేసి, రెండిటినీ ఒక గ్రూప్ చేసి, ఆ గ్రూప్‌కి `Difference` పెట్టాను. కింద పాత చిత్రం ఉంటుంది. రెండూ కలిసినచోట నలుపు వస్తుంది. ఎదురెదురు పక్కల్లోనే వెలుగు గీతలు కనిపిస్తే పదం జరిగినట్టు, చుట్టూ కనిపిస్తే అంచు మందం తప్పినట్టు. జేపీజీ కాబట్టి కొంచెం చుక్కలు మిగులుతాయి, వాటిని వదిలేయండి.

నీడని ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. అక్షరం మూల నుంచి నీడ మూల దాకా కుడికి 6, కిందికి 8 పిక్సెల్స్ వచ్చాయి. 36, 64 కలిపి వర్గమూలం తీస్తే `Distance` 10. `Angle` అంటే వెలుగు వచ్చే దిక్కు, అది 127 డిగ్రీలు. ఇక నీడ ముదురు. మామూలు చోట ఆకుపచ్చ విలువ 150, నీడ మధ్యలో 90. నల్ల నీడ 40 శాతం అన్నమాట. నేనేమో మొదట ఆ ముదురు ఆకుపచ్చనే నీడ రంగుగా పెట్టాను, అందుకే వెలిసిపోయినట్టు వచ్చింది.

అంతా కుదిరాక "పరాభవ" అని మార్చాను. ఎరుపు ఒక్కసారిగా పైకి ఎక్కేసింది! కారణం వత్తు. `Gradient Overlay` మామూలుగా పదం మొత్తం ఎత్తుకి రంగు సర్దుతుంది. "విశ్వావసు"లో శ కింద వ వత్తు లోతుగా దిగుతుంది, ముదురు ఎరుపంతా అక్కడే ఉండేది. "పరాభవ"లో వత్తే లేదు. భ కింద చిన్న గీత ఉన్నా అంత లోతుకి పోదు. దాంతో అదే రంగు తక్కువ ఎత్తులో ఇరుక్కుంది. కాబట్టి ఆ ఎఫెక్ట్ తీసేసి, పాత పదం ఎత్తంత గ్రేడియెంట్‌ని వేరే లేయర్‌లో గీసి, `Create Clipping Mask`తో పదానికి తగిలించాను. ఇప్పుడు పదం మారినా రంగు కదలదు. పరాభవలో ముదురు ఎరుపు దాదాపు కనపడదు. అన్న చేసినా అలాగే ఉండేది.

చివరికి అంచులు మిగతా పోస్టర్ కన్నా పదునుగా ఉన్నాయి. అర పిక్సెల్ `Gaussian Blur` ఇచ్చి, 200 శాతం జూమ్‌లో పక్కనున్న పాత అక్షరాలతో పోల్చాను. ఈసారి ఫ్లెక్సీ అన్న ఏమీ అనలేదు, సైజు ఎంత అని అడిగాడు.