జుట్టు రంగు ఒంటికి పడకపోతే: ఇంట్లో వాళ్లు నేర్చుకోవలసిన పాఠం



తరగతి గదిలో కొత్త పాఠం మొదలుపెట్టేటప్పుడు మేము ముందుగా ఒక సంఘటన చెబుతాము. పిల్లలు సూత్రం మరిచిపోయినా సంఘటన మరిచిపోరు. ఈ పాఠం పెద్దల కోసం. అయినా పద్ధతి అదే.

బల్కంపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఖాలా ఉన్నారు. వయసు యాభై దాటింది. ఆరేళ్లుగా జుట్టుకు నల్ల రంగు వేసుకుంటున్నారు. కిరాణా కొట్లో దొరికే పొడి ప్యాకెట్ తెచ్చి, నీళ్లలో కలిపి, బ్రష్‌తో రాసుకోవడం ఆమెకు అలవాటు. కిందటిసారీ, అంతకు ముందుసారీ చెవుల వెనక దురద వచ్చింది. కొబ్బరినూనె రాస్తే రెండు రోజుల్లో తగ్గింది. అందుకే దాన్ని లెక్కచేయలేదు.

ఇంట్లో నికాహ్ ఉందని ఒక సాయంత్రం ఆమె మళ్లీ రంగు రాసుకున్నారు. పది నిమిషాలు గడవకముందే అరచేతులు మండుతున్నాయన్నారు. తర్వాత మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. పెదవులు లావెక్కాయి, గొంతు బొంగురుపోయింది. కొడుకు ఇంట్లో ఉన్న సెట్రిజిన్ మాత్ర తెచ్చి ఇచ్చాడు. "అమ్మీ, ముందు తల కడుక్కో, అంతా తగ్గిపోతుంది" అని లేపి బాత్రూముకు పంపాడు. ఆమె గడప దగ్గరే కళ్లు తిరిగి పడిపోయారు.

అల్లాహ్ దయవల్ల 108 బండి త్వరగా వచ్చింది. ఆసుపత్రిలో తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ రాత్రంతా అక్కడే ఉంచి మర్నాడు ఇంటికి పంపారు. ఆ కొడుకు మా దగ్గర చదువుకున్నవాడే. వారం తర్వాత వచ్చి, "సార్, నేను చేసిన తప్పు ఏమిటి?" అని అడిగాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

రంగులో ఏముంది?

నల్ల రంగుల్లో చాలావాటిలో పారా ఫినైలిన్ డయామిన్ అనే రసాయనం ఉంటుంది. డాక్టర్లు దీన్ని పి.పి.డి. అంటారు. జుట్టు లోపలికి చేరి అక్కడే నల్లబడటం దీని గుణం. అందుకే ఆ రంగు కడిగినా పోదు. అయితే ఇది చర్మంలోకి కూడా దిగుతుంది. కొందరి శరీరం దీన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుంటే మళ్లీ తగిలిన ప్రతిసారీ ఎదురు తిరుగుతుంది.

"ఇన్నేళ్లు వాడాను, నాకేమీ కాలేదు" అనే మాట ఇక్కడ పనికిరాదు. మొదటిసారి తగిలినప్పుడు సాధారణంగా ఏమీ కాదు. ఏళ్ల తరబడి వాడిన తర్వాత ఒకరోజు అలర్జీ మొదలు కావచ్చు. ఖాలాకు చెవుల వెనక రెండుసార్లు వచ్చిన దురద శరీరం చేసిన హెచ్చరిక.

మరో అపోహ మెహెందీ గురించి. స్వచ్ఛమైన గోరింటాకు పొడి నారింజ ఎరుపు రంగు ఇస్తుంది. అరగంటలో నల్లగా పండే "కాలీ మెహెందీ" అంటే అందులో సాధారణంగా పి.పి.డి. కలిసి ఉంటుందనుకోవాలి. చేతులకు పెట్టే నల్ల కోన్ల సంగతీ అంతే. పండుగకు పెట్టిన అలాంటి కోను వల్లే అలర్జీ మొదలై, పెద్దయ్యాక జుట్టు రంగుతో బయటపడే పిల్లలు ఉన్నారు. ప్యాకెట్ మీద "హెర్బల్" అనో "అమ్మోనియా లేదు" అనో ఉంటే పి.పి.డి. లేదని అర్థం కాదు. వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదవాలి.

రెండు రకాల అలర్జీ

ఈ తేడా తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే.

మొదటిది ఆలస్యంగా వచ్చేది. ఎక్కువమందికి వచ్చేది ఇదే. రంగు వేసుకున్న ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలవుతుంది. నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక దురద, మంట, ఎరుపు వస్తాయి. కనురెప్పలు ఉబ్బుతాయి. తలమీద చర్మం మందం కాబట్టి తల బాగానే ఉండి ముఖం మాత్రం వాచిపోవచ్చు. మగవాళ్లు గడ్డానికి రంగు వేస్తే చెంపలు, మెడ పొక్కి రసి కారవచ్చు. రెండు రోజుల తర్వాత వస్తుంది కాబట్టి చాలామంది నిన్న తిన్న చేపనో వంకాయనో అనుమానిస్తారు. రంగు గుర్తుకే రాదు.

రెండోది వెంటనే వచ్చేది. ఇది అరుదు, కానీ ప్రాణం తీయగలది. రంగు రాసిన కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల్లోపే మొదలవుతుంది. రంగు తగలని చోట కూడా దద్దుర్లు లేస్తాయి. దీన్ని గుర్తుపట్టడానికి మూడు చోట్ల చూడాలి. గొంతు దగ్గర: నాలుక, పెదవులు వాయడం, గొంతు మారడం, మింగలేకపోవడం. ఛాతీ దగ్గర: ఆయాసం, పిల్లికూతలు, ఆగని దగ్గు. రక్తప్రసరణలో: కళ్లు తిరగడం, ఒళ్లు చల్లబడి పాలిపోవడం, స్పృహ తప్పడం. వీటితోపాటు వాంతులు, కడుపునొప్పి కూడా రావచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా దద్దుర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతూ కూర్చోకూడదు. దీన్ని డాక్టర్లు అనాఫిలాక్సిస్ అంటారు.

వెంటనే ఏం చేయాలి?

ఆ అబ్బాయి చేసినవాటిలో రెండు తప్పులు ఉన్నాయి. మంచి మనసుతో చేసినవే కాబట్టి మనలో ఎవరైనా చేస్తాం.

మొదటి తప్పు మాత్రను నమ్ముకోవడం. సెట్రిజిన్ వంటి మాత్ర దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది. పని మొదలుపెట్టడానికే చాలా సమయం తీసుకుంటుంది. మూసుకుపోతున్న గొంతును అది తెరవలేదు, పడిపోతున్న రక్తపోటును లేపలేదు. ఆ పని చేసే మందు అడ్రినలిన్ ఒక్కటే. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండరంలోకి ఇస్తారు. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ ఇస్తారు. ఇది శిక్షణ ఉన్నవారు చేసే పని. మన పని ఆ మందు ఉన్న చోటికి మనిషిని త్వరగా చేర్చడం.

రెండో తప్పు లేపి నడిపించడం. ఇలాంటప్పుడు రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది. నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగి గుండెకు చేరేది తగ్గిపోతుంది. నిమిషాల్లో గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఉన్నచోటే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి ఎత్తు చేయాలి. ఆయాసం ఎక్కువగా ఉండి పడుకోలేకపోతే కాళ్లు చాపి కూర్చోనివ్వాలి. వాంతులవుతున్నా, స్పృహ లేకపోయినా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి.

ఒకరు ఇది చేస్తుండగానే మరొకరు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. "జుట్టు రంగు వల్ల అలర్జీ, ఊపిరి ఆడటం లేదు" అని లక్షణం చెప్పి, వీధి గుర్తు చెప్పాలి. బండి ఆలస్యమయ్యేలా ఉంటే కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లాలి. స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకొని వెళ్లకూడదు. ఇరవైనాలుగు గంటలూ ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదైనా సరే. మన ప్రాంతం వారికి పంజాగుట్టలో నిమ్స్ ఉంది. దూరంలో ఉన్న పెద్ద పేరు కంటే దగ్గరలో ఉన్న అడ్రినలిన్ ముఖ్యం.

మరి తలమీద రంగు సంగతి? కడగాలి, కానీ ఫోన్ తర్వాత. మనిషిని పడుకోబెట్టే, తల కొంచెం వెనక్కి వంచి, మగ్గుతో నీళ్లు పోస్తూ తుడవాలి. నీళ్లు కళ్లలోకి కారకూడదు. రాసిన చేతులు కూడా కడగాలి. రంగు ప్యాకెట్ పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంజెక్షన్ ఇచ్చాక ఖాలా అరగంటలో మామూలుగా మాట్లాడారు. ఇంటికి వెళ్తానని పట్టుబట్టారు. డాక్టరు ఒప్పుకోలేదు. తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు. అందుకే అక్కడ ఉంచుతారు. బిల్లు భయంతో ముందే బయటికి రావద్దు.

ఆలస్యంగా వచ్చే అలర్జీకి

తలను గోరువెచ్చని నీళ్లతో, తేలికపాటి షాంపూతో బాగా కడగాలి. తడిగుడ్డ చల్లగా వేయాలి. నిమ్మరసం, పసుపు, సున్నం, టూత్‌పేస్ట్ రాయకూడదు. కొద్దిపాటి దురద అయితే పగటిపూట బస్తీ దవాఖానాలో చూపించుకోవచ్చు. కళ్లు మూసుకుపోయేలా ముఖం వాచినా, బొబ్బలు లేచి రసి కారినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, రంగు కంట్లో పడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్ మాత్రలు అవసరమైతే డాక్టరే రాస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదు.

తర్వాత ఏం చేయాలి?

ఒకసారి అలర్జీ వచ్చినవారు పి.పి.డి. ఉన్న రంగు జీవితంలో మళ్లీ ముట్టకూడదు. ఇంట్లో పరీక్ష కూడా చేసుకోకూడదు. చర్మవ్యాధుల డాక్టరు వీపుమీద పట్టీ పెట్టి ఏది పడదో తేలుస్తారు. కొన్ని మత్తుమందు పూతలకు, ఇతర రంగులకు కూడా ఇలాంటి వారి ఒళ్లు ఎదురుతిరగవచ్చు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ సంగతి ముందుగా చెప్పాలి.

ఇంతవరకు ఏ ఇబ్బందీ లేనివారు ప్రతిసారీ ముందుగా పరీక్షించుకోవాలి. మన దేశ నిబంధనలు కూడా ఆ హెచ్చరికను ప్యాకెట్‌తో ఇవ్వాలంటాయి. కలిపిన రంగు కొద్దిగా చెవి వెనకో, మోచేతి లోపలి వైపో రాసి ఆరనివ్వాలి. ఇరవైనాలుగు గంటల తర్వాత కడగాలి. ప్యాకెట్ సూచన అక్కడితో ఆగుతుంది. కానీ ఆలస్యంగా వచ్చే అలర్జీ మూడో రోజున కూడా కనిపించవచ్చు కాబట్టి మరో రెండు రోజులు ఆగడం మంచిది. ఇది వెంటనే వచ్చే అలర్జీ రాదని హామీ ఇవ్వదు. అందుకే రంగు వేసుకునేటప్పుడు ఇంట్లో ఇంకొకరు ఉండాలి. కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు ఎప్పుడూ రంగు వేయకూడదు. చూపు పోయే ప్రమాదం ఉంది.

ఖాలా ఇప్పుడు జుట్టు తెల్లగానే ఉంచుకున్నారు. ఆమె కొడుకు ఒక కాగితం మీద "పి.పి.డి. పడదు" అని రాసి ఆమె మందుల ఫైలు మొదటి పేజీకి అంటించాడు. ఈ పాఠంలో మేము ఇచ్చే ఇంటిపని కూడా అదే. మీ ఇంట్లో రంగు వేసుకునే పెద్దలను ఈ రోజే ఒక్క మాట అడగండి: "కిందటిసారి చెవుల వెనక దురద వచ్చిందా?" వచ్చిందంటే ఆ ప్యాకెట్ ఇక తెరవకండి.