బత్తాయికి ధర ఎలా కట్టాలి?

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర బత్తాయి తోట. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి హైదరాబాద్‌కు నేరుగా అమ్ముతున్నా. ఏమీ మిగలట్లేదు. పైగా కాయ పచ్చిగా ఉందంటున్నారు. – ఒక యువ రైతు

జవాబు: తమ్ముడూ, నీ లెక్కలో పాడైన కాయ లేదేమో చూడు. తోట దగ్గరే అమ్మితే కిలోకు రూ.25 వస్తుందనుకుందాం. కోత, సంచి, రవాణాకు ఇంకో రూ.8. అంటే 100 కిలోలకు రూ.3,300. అందులో 10 కిలోలు దెబ్బతింటే ఆ మొత్తమంతా మిగిలిన 90 కిలోల మీదే పడి, కిలో దాదాపు రూ.37 అవుతుంది. నీ కూలి ఆపైన వేసుకోవాలి.

బత్తాయి చెట్టు దిగాక మాగదు. కానీ తొక్క ఆకుపచ్చగా ఉన్నా లోపల రసం నిండి ఉండొచ్చు. అందుకే కోసిన రోజే ఒక కాయను అడ్డంగా కోసి, ఆ ఫొటో పెట్టు. మచ్చకాయలను దాచకుండా చూపించి, విడిగా తక్కువకు అమ్ము. కాయ పుల్లగా ఉంటే కోత వాయిదా వేసి, ఆ సంగతే పోస్టులో రాయి.