మూడో ప్రశ్న దగ్గరే అంతా ఉంది

బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాక, మనవడి సాయంతో క్విజ్ షార్ట్‌లు చేస్తున్నాను. మూడు ప్రశ్నలు, వాటి జవాబులు, అరనిమిషంలో ఆట అయిపోవాలి. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ల కోసం నాకు తెలిసినవి రాస్తున్నాను. ఉదాహరణకు ఆంధ్ర రాష్ట్రం మీద చేసిన ఒక్క షార్ట్‌నే తీసుకుంటాను.

1. ముందు మూడో ప్రశ్న రాయండి. మిగిలిన రెండూ దానికి దారి వేసేవి. మూడోది ఎలా ఉండాలంటే, చూసేవాడి నోటికి ఒక జవాబు వెంటనే రావాలి, అది తప్పయి ఉండాలి. "1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని ఏది?" అంటే చాలామంది నోట హైదరాబాదు వస్తుంది. జవాబు కర్నూలు. ఎవరికీ తెలియని విషయం అడిగితే ఈ పని జరగదు. తెలియనివాడు ఊరుకుంటాడు. తెలుసనుకున్నవాడే ఉలిక్కిపడతాడు, కామెంట్ రాసేదీ అతనే.

2. ప్రశ్నలో ప్రతి మాటా తూచి వేయండి. పైన "ఆంధ్ర రాష్ట్రం" అన్నచోట "ఆంధ్రప్రదేశ్" అని రాస్తే జవాబే మారిపోతుంది. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1న తెలంగాణ కూడా కలిశాక అయింది ఆంధ్రప్రదేశ్, అప్పుడు దాని రాజధాని హైదరాబాదే. అందుకే ప్రశ్నలోనే సంవత్సరం పెట్టాలి. పెట్టకపోతే కామెంట్లన్నీ ప్రశ్న తప్పంటూ వస్తాయి. అవి కూడా కామెంట్లేగా అని సంతోషించేవాళ్లున్నారు, నాకది నచ్చదు. పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇవి చూస్తారు, వాళ్ల బుర్రలో తప్పు నాటుకుపోతుంది.

3. మొదటి ప్రశ్న అందరికీ రావాలి. "తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం?" 2014 అని పిల్లలు కూడా చెప్పేస్తారు. ఒకటి గెలిచినవాడు రెండోదానికి ఆగుతాడు. రెండోది కొంచెం ఆలోచించేది: "ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి?" టంగుటూరి ప్రకాశం. ఈ ప్రశ్నతో చూసేవాడి మనసు 1953కి చేరుతుంది, మూడోది ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉండదు. నమస్కారాలు, చానల్ పరిచయం వద్దు. మొదటి ప్రశ్నతోనే వీడియో మొదలవ్వాలి.

4. సెకన్లు కాగితం మీద పంచుకోండి. మా లెక్క ఇదీ: మొదటి ప్రశ్న చదవడానికి రెండు, ఆలోచనకు మూడు, జవాబుకు ఒకటి. రెండోదానికి మూడు, మూడు, ఒకటి. మూడోదానికి చదవడానికి మూడు, ఆలోచనకు ఐదు, జవాబుకు నాలుగు. చివరి మాటకు నాలుగు. మొత్తం ఇరవై తొమ్మిది. మూడో ప్రశ్న కింద మద్రాసు, విజయవాడ, కర్నూలు, హైదరాబాదు అని నాలుగు పేర్లు పెడతాం. ఆ ఐదు సెకన్లలో చూసేవాడు మనసులో ఒకటి ఎంచుకుంటాడు, ఆ ఎంపికే తర్వాత కామెంటవుతుంది. ఆలోచించే వ్యవధి తగ్గిస్తే ఎంచుకునేలోపే జవాబు వచ్చిపడుతుంది. అప్పుడతనికి చెప్పడానికేమీ ఉండదు.

తెరమీద ప్రశ్న రెండు వరుసలు దాటకూడదు. మన ఒత్తులు చిన్న అక్షరాల్లో కనబడవు. కుడి అంచున లైక్ గుర్తులు, కింద చానల్ పేరు వస్తాయి కాబట్టి అక్షరాలు నడిమికి కాస్త పైన ఉంచండి.

5. జవాబు దాచకండి. "మూడోదాని జవాబు కామెంట్‌లో చెప్పండి" అని ఆపేస్తే ఏమవుతుందో గమనించాను. మొదట రాసిన నలుగురైదుగురు కర్నూలు అంటారు, తర్వాత వచ్చినవాళ్లు అది చదువుకుని వెళ్లిపోతారు. ఒకే సరైన జవాబున్న ప్రశ్నకు కామెంట్లు అక్కడితో ఆగుతాయి. అందుకే కర్నూలు అని చూపించి, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పి (మద్రాసు తమిళులకే ఉండిపోయింది, హైదరాబాదు అప్పటికి వేరే రాష్ట్రం), ఆ వెంటనే "మీరు ముందు ఏ ఊరనుకున్నారు?" అని అడుగుతాం. దీనికి ఎవరి జవాబు వాళ్లకుంటుంది, పైవాడు రాసింది చూసి ఆగిపోవాల్సిన పని లేదు. కర్నూలు వాళ్లు మాత్రం తమ ఊరి పేరు చూసి ఊరుకోరు, రాజధాని రోజుల్లో గుడారాల్లో నడిచిన ఆఫీసుల గురించి తాతలు చెప్పిన సంగతులు రాస్తారు. వాటికి తప్పకుండా బదులివ్వండి.

6. తర్వాత స్టూడియోలో గ్రాఫ్ చూడండి. రెండో ప్రశ్న దగ్గర గీత జారితే మొదటిది సాగిందన్నమాట. జవాబు దగ్గర పైకి లేస్తే వెనక్కి జరిపి మళ్లీ చూశారని అర్థం. కామెంట్లన్నీ "ముందే తెలుసు" అయితే మూడోది తేలికైపోయింది. అలాంటప్పుడు మేం హైకోర్టు ప్రశ్న వాడతాం: రాజధాని కర్నూలులో ఉంటే 1954లో హైకోర్టు ఏ ఊళ్లో పెట్టారు? గుంటూరు అని చెప్పగలిగేవాళ్లు తక్కువ.