లాగ్‌బుక్‌లో ‘భయమేసింది’ అని రాయొచ్చా?

ప్రశ్న: జనరల్ మెడిసిన్ పీజీని. జిల్లా రెసిడెన్సీలో ఉన్నాను. డైరీలో ఇలా రాసుకున్నాను: ‘బీబీపేట రైతు, పురుగుమందు తాగాడు. అట్రోపిన్ ఇచ్చాం. కంటిపాపలు పెద్దవి కాగానే ఆపేశా. గంటకే ఛాతీలో మళ్లీ గురగుర. సార్ వచ్చి సరిచేశారు. భయమేసింది.’ దీన్ని లాగ్‌బుక్‌కి ఎలా మార్చాలి?

జవాబు: ముందు ఊరి పేరు తీసేయండి. చిన్న మండలంలో ఊరు, తేదీ కలిస్తే మనిషెవరో తెలిసిపోతుంది. ‘మధ్యవయసు పురుషుడు, ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావం’ చాలు. భయాన్ని కొట్టేయనక్కర్లేదు కానీ, దాని వెనకున్న నిర్ణయం కనబడాలి: ‘కంటిపాపలు చూసి అట్రోపిన్ ఆపాను.’

‘నేర్చుకున్నది’ దగ్గర చాలామంది ‘ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అని రాస్తారు. గైడ్‌కి దానితో పనిలేదు. ఇలా రాయండి: ‘అట్రోపిన్ చాలిందా లేదా అన్నది కంటిపాప కాదు, ఛాతీ చెబుతుంది. గురగుర పోయి, నాడి 80 దాటి, సిస్టాలిక్ బీపీ 80 పైకి వచ్చేదాకా 5 నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేయాలి. ఆ తర్వాత ఇన్‌ఫ్యూషన్, తరచూ ఛాతీ పరీక్ష.’

కాంపిటెన్సీ ఒక్కటే: విషప్రభావానికి అత్యవసర చికిత్స. కమ్యూనికేషన్, టీమ్‌వర్క్ అంటూ ఇంకో నాలుగు తగిలించకండి, ఈ ఎంట్రీలో వాటికి ఆధారం లేదు. స్థాయి ‘స్వయంగా’ కాదు, ‘పర్యవేక్షణలో’. మరో కేసు చూశాక కొత్త ఎంట్రీ రాయండి, పాతదాన్ని దిద్దొద్దు.