కిరాయి బండి క్యాప్షన్‌లో లెక్క మొత్తం కనిపించాలి

మందమర్రిలో ఎవరైనా టెంపో ట్రావెలర్ కొంటే ముందు చేసే పని, బండి ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం. దాని కింద ఇలా రాస్తారు: "పెండ్లిళ్లకు, యాత్రలకు బండి కిరాయికి ఇవ్వబడును. తక్కువ ధరలు. సంప్రదించండి." బండి కావాల్సినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతమంది పడతారు? మొత్తం ఎంతవుతుంది? పై మాటల్లో ఈ రెంటికీ జవాబు లేదు. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన సింగరేణి కార్మికుడు వేములవాడ మొక్కు కోసం బండి వెతుకుతుంటే, లెక్క కనిపించిన బండికే ముందు ఫోన్ చేస్తాడు.

మొదట సీట్ల మాట. బండివాళ్లు 12+1, 17+1 అని రాస్తారు. ఆ ఒకటి డ్రైవర్ సీటని వాళ్లకు తెలుసు. బండి మాట్లాడుకునే ఇంటివాళ్లు మాత్రం 18 మంది పడతారనుకొని 18 మందికి మాట ఇస్తారు. తెల్లవారుజామున వాకిట్లో బండి ఆగాక ఒక పెద్దమనిషి నిలబడిపోతాడు. అందుకే "17 మంది కూర్చోవచ్చు, డ్రైవర్ వేరు" అని పూర్తి వాక్యం రాయండి. ఆ 17 కూడా బండి ఆర్‌సీలో ఉన్న సీట్ల లెక్కకు సరిపోవాలి. అంతకుమించి ఎక్కించుకుంటే మోటారు వాహనాల చట్టం 194ఏ సెక్షన్ కింద ఒక్కో అదనపు మనిషికి 200 రూపాయల జరిమానా ఉంది. ఎక్కువైన వాళ్లకు వేరే ఏర్పాటు చేసేదాకా బండిని కదలనివ్వరు కూడా. ముహూర్తం దగ్గరపడ్డ వేళ జరిమానా కంటే ఈ ఆగడమే పెద్ద నష్టం.

పెండ్లి బండికి సామాను లెక్క కూడా ఉంటుంది. చీరెల పెట్టెలు, గిన్నెలు, పండ్ల బుట్టలు వెనక సీటు మీదికే చేరతాయి. బండి మీద క్యారియర్ లేకపోతే 17 సీట్ల బండిలో పెండ్లి సామానుతో 14 మందే ఇబ్బంది లేకుండా కూర్చుంటారు. ఆ మాట క్యాప్షన్‌లోనే చెప్పండి. మిగతా ముగ్గురికి ఏం చేయాలో వాళ్లు ముందే చూసుకుంటారు.

ఇక రేటు. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. ఒక లెక్క వేసి చూద్దాం. ఇందులోని రేట్లు లెక్క కోసం అనుకున్నవి, మీ బండికి మీ రేట్లు వేసుకోండి. కిలోమీటరుకు 22 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా 500 అనుకుందాం. ఒక కుటుంబం ఉదయం 4 గంటలకు బయల్దేరి కొండగట్టు, వేములవాడ చూసుకొని తిరిగొచ్చింది. మీటరు 290 కిలోమీటర్లు చూపింది. 290ని 22తో గుణిస్తే 6,380 అవుతుందని ఇంటివాళ్ల లెక్క. బండాయన కనీసం 300 పట్టి 6,600, బత్తా కలిపి 7,100 అంటాడు. ఇంతవరకు తేడా 720 రూపాయలే.

అదే బండి కోడె మొక్కు వరుసలో ఆలస్యమై రాత్రి ఒంటిగంటన్నరకు ఇల్లు చేరిందనుకోండి. తారీఖు మారింది కాబట్టి రెండు రోజులు, 600 కిలోమీటర్లు అని కొందరు లెక్క కడతారు. అప్పుడు 13,200, రెండు బత్తాలు కలిపి 14,200 అవుతుంది. నడిచింది 290 కిలోమీటర్లే, అడిగింది రెట్టింపు. బండాయన తన నిబంధనే చెబుతున్నాడు, కానీ ముందు ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంటివాళ్లు మళ్లీ ఆ బండి ఎక్కరు, కాలనీలో ఇంకో పది ఇళ్లను ఎక్కనివ్వరు.

దీనికి మందు ఒక్క వాక్యం. రోజు అంటే ఏమిటో రాయండి. "బండి మీ ఇంటి నుంచి కదిలినప్పటి నుంచి 24 గంటలు ఒక రోజు" అని రాస్తే ఇద్దరికీ ఒకటే లెక్క. రాత్రంతా నడిపిన డ్రైవర్ కష్టం పోకుండా, అర్ధరాత్రి దాటితే ఒక బత్తా ఎక్కువ అని చేర్చండి. పై ప్రయాణం అప్పుడు 6,600, రెండు బత్తాలు వెయ్యి, మొత్తం 7,600 అవుతుంది. కిలోమీటర్ల లెక్క షెడ్డు నుంచి మొదలా, వాళ్ల ఇంటి నుంచి మొదలా అన్నది కూడా రాయాలి. రామకృష్ణాపూర్ అయితే తేడా కొంచెమే, బెల్లంపల్లి నుంచి ఎక్కించుకుంటే కనిపిస్తుంది.

ఊరి పెండ్లికి కిలోమీటరు రేటు పనికిరాదు. మందమర్రి నుంచి మంచిర్యాల ఫంక్షన్ హాలుకు ఉదయం 9కి వెళ్లి రాత్రి 7కి వచ్చిన బండి, అటూ ఇటూ తిప్పినా 60 కిలోమీటర్లు దాటకపోవచ్చు. 22 చొప్పున 1,320 వస్తుంది. రోజంతా బండి అక్కడే నిలబడితే అది గిట్టదు. అందుకే గంటల ప్యాకేజీ పెట్టండి. 8 గంటలు, 80 కిలోమీటర్లకు 4,000, దాటిన గంటకు 250 అనుకుంటే, 10 గంటల ఆ పెండ్లికి 4,500 అవుతుంది. మేడారం జాతర కూడా ఇలాంటిదే. నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. దానికి రోజు రేటు వేరే వరుసలో రాయండి.

చంద్రాపూర్, సిరొంచ వైపు సంబంధాలున్న ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. మీ బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉంటే ఆ మాట రాయండి. లేకపోతే సరిహద్దు దాటే ఖర్చు ఎవరిదో రాయండి. పసుపు ప్లేటు కనబడేలా ఫొటో తీయండి, లోపలి సీట్లది ఇంకో ఫొటో పెట్టండి. పొడవైన క్యాప్షన్‌ను ఫోన్ మొదటి కొన్ని వరుసల దగ్గరే కుదించి చూపుతుంది కాబట్టి ఊరు, సీట్లు, నంబరు పైన ఉండాలి.

ఇదీ నమూనా:

మందమర్రిలో 17 సీట్ల ఏసీ టెంపో ట్రావెలర్ కిరాయికి.
17 మంది కూర్చోవచ్చు, డ్రైవర్ వేరు. పెండ్లి సామానుంటే 14 మంది.
ఫోన్: మీ నంబరు
యాత్రలు: కి.మీ.కు 22 రూపాయలు, రోజుకు కనీసం 300 కి.మీ. బత్తా 500.
రోజు అంటే బండి మీ ఇంటి నుంచి కదిలినప్పటి నుంచి 24 గంటలు. అర్ధరాత్రి దాటితే ఒక బత్తా ఎక్కువ.
కి.మీ. లెక్క మందమర్రి షెడ్డు నుంచి షెడ్డుకు.
పెండ్లిళ్లు: 8 గంటలు, 80 కి.మీ.కు 4,000. ఆపైన గంటకు 250, కి.మీ.కు 22.
డీజిల్ మాది. టోల్, పార్కింగ్ మీవి.
ఉదాహరణ: కొండగట్టు, వేములవాడ ఒక రోజులో 300 కి.మీ. లోపు 7,100, టోల్, పార్కింగ్ అదనం.
బయానా 1,000, చివరి లెక్కలో తీసేస్తాం.

"ఉదాహరణ" అన్న వరుసను మాత్రం తీసేయకండి. కి.మీ. రేటును గుణించి చూసే ఓపిక అందరికీ ఉండదు, మొత్తం అంకె అందరికీ అర్థమవుతుంది. బయానా పుచ్చుకునే ముందు ఇదే క్యాప్షన్‌ను వాళ్ల నంబరుకు పంపి, "సరే" అని జవాబు తెప్పించుకోండి. బండి కదిలేటప్పుడు మీటరు ఫొటో తీసి అదే చాట్‌లో పెట్టండి, తిరిగొచ్చాక ఇంకొకటి. ఆ రెండు ఫొటోలు, ఆ "సరే" ఉంటే చివర్లో డబ్బు లెక్క రెండు నిమిషాల్లో తేలిపోతుంది.