కట్ అయిన 640 రూపాయలు ఎక్కడున్నట్టు?

పోయిన నెల ఒక సోమవారం రాత్రి, సింధనూరు నుంచి రాయచూరు వచ్చే బస్సులో కూర్చుని నిఘంటువు ఒకటి ఆర్డర్ చేశాను. 640 రూపాయలు. అమ్మ వరి నాట్లకు పోయి తెచ్చిన కూలి డబ్బు అది. యూపీఐ పిన్ కొట్టగానే సిగ్నల్ పోయింది. కాసేపటికి డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. పుస్తకాల సైటులో మాత్రం "Payment Pending" అనే ఉంది.

"ఇంకోసారి కట్టెయ్యవే, ఆర్డరన్నా పడుతుంది" అంది పక్కనున్న స్నేహితురాలు. కట్టలేదు. నా దగ్గర ఇంకో 640 లేవు మరి! అదే మంచిదయింది.

మనం కట్టే డబ్బు నేరుగా అమ్మేవాళ్ళకు పోదు. మధ్యలో పేమెంట్ గేట్‌వే ఉంటుంది. అది ఆ సొమ్మును ఎస్క్రో ఖాతాలో, అంటే తన సొంతానికి వాడుకోకూడని బ్యాంకు ఖాతాలో పెట్టి, "డబ్బు ముట్టింది" అని అమ్మేవాళ్ళ సర్వర్‌కు కబురు చేస్తుంది. ఆ కబురు అందితేనే ఆర్డర్ ఖాయమవుతుంది. నా డబ్బు గేట్‌వేకు చేరింది గానీ కబురు ఆలస్యమయింది. ఈలోపు గడువు దాటిందని సైటు నా ఆర్డరును మూసేసింది. అలాంటి డబ్బును అమ్మేవాళ్ళు ఫలానా సమయంలోగా స్వీకరించకపోతే, గేట్‌వే దాన్ని తనంతట తానే వెనక్కి పంపుతుంది. ఒక్కోసారి ఆలస్యంగా వచ్చిన కబురుతోనే పాత ఆర్డర్ ఖాయమయిపోతుంది కూడా. నేను మళ్ళీ కట్టి ఉంటే రెండు నిఘంటువులు వచ్చేవేమో.

ఎన్నాళ్ళు ఆగాలి? రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్‌లో దీనికి లెక్క ఉంది. యూపీఐలో డబ్బు కట్ అయి, అమ్మేవాళ్ళకు ఖరారు అందకపోతే T+5 లోగా వాపసు రావాలి. T అంటే డబ్బు కట్టిన తేదీ. నాది సోమవారం కాబట్టి శనివారం దాకా గడువు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున, మనం అడగకపోయినా ఇవ్వాలి. నాకు గురువారం సాయంత్రమే 640 జమ అయ్యాయి.

మా రూమ్మేటుది వేరే కథ. ఆమె చుడీదార్ ఆర్డర్ ఖాయమయింది, రెండు రోజుల తర్వాత స్టాక్ లేదని అమ్మేవాళ్ళే రద్దు చేశారు. తొమ్మిదో రోజుకూ డబ్బు రాలేదు. రోజుకు వంద లెక్కేసుకుంటూ కూర్చుంది పాపం. కానీ అక్కడ పేమెంట్ ఫెయిల్ కాలేదు, అందువల్ల ఆ నియమం వర్తించదు. అది అమ్మేవాళ్ళు పంపాల్సిన రీఫండ్. "పంపేశాం" అన్నారు వాళ్ళు. అయితే రీఫండ్ RRN నంబరు ఇవ్వండని అడగమన్నాను. పన్నెండు అంకెలుంటాయి. ఆ నంబరు వాళ్ళు ఇవ్వలేకపోతే డబ్బు ఇంకా కదలలేదనే అనుకోవాలి. మరుసటి రోజు నంబరు వచ్చింది. దాంతో బ్యాంకులో వెతికించింది. జమ అయి ఉంది, ఆమె చూసుకుంటున్న ఖాతాలో కాదు, యాప్‌కు కలిపిన పాత ఖాతాలో.